మత్తు – మెలకువ: ఐ.సి.యు.లో సిరల ద్వారా ఇచ్చే మత్తుమందులు, రోజువారీ మేల్కొలుపు – పరిశీలన

వ్యాససంగ్రహం:

వెంటిలేటర్‌పై ఉన్న రోగికి సిర ద్వారా నిరంతరంగా మత్తుమందు ఎక్కించడం తీవ్రచికిత్సలో తరచుగా జరిగే పని. ఈ మందులు రోగి పడే యాతనను తగ్గిస్తాయి. అయితే అదే సమయంలో అతని మెదడు పనితీరును వైద్యుల కంటికి కనబడనీయవు. ప్రొపొఫాల్, డెక్స్‌మెడెటొమిడిన్ అనే రెండు మందులు పనిచేసే తీరును, మత్తు లోతును కొలిచే పద్ధతులను, రోజుకొకసారి మందు ఆపి రోగిని మేల్కొలిపే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక ఊహాత్మక రోగి చికిత్సాక్రమాన్ని లెక్కలతో సహా అనుసరిస్తూ, మేల్కొలుపును ఒక వైద్యపరీక్షగా ఎందుకు అర్థం చేసుకోవాలో, ఆ పరీక్షలో రోగి భాషకు ఉన్న స్థానమేమిటో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తీవ్రచికిత్స, ప్రొపొఫాల్, డెక్స్‌మెడెటొమిడిన్, మత్తు లోతు, రాస్ కొలమానం, సంధి, రోజువారీ మేల్కొలుపు, రోగి భాష.

1. ఉపోద్ఘాతం:

ఐ.సి.యు. తలుపు బయట నిలబడిన కుటుంబసభ్యులకు వైద్యులు తరచుగా చెప్పే మాట “పేషెంటును మత్తులో ఉంచాం” అన్నది. తెలుగులో ‘మత్తు’ అనే పదానికి అర్థవిస్తృతి ఎక్కువ. కల్లు తాగినవాడికి కలిగేదీ మత్తే, తెల్లవారుజామున కళ్లు విడనీయనిదీ నిద్రమత్తే, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చేదీ మత్తే. అందువల్ల వైద్యుని మాట విన్న కుటుంబం రోగి హాయిగా నిద్రపోతున్నాడని ఊహించుకుంటుంది. మరునాడు “ఇవాళ మత్తు ఆపి చూస్తాం” అని చెబితే భయపడుతుంది. ఇంత బాధలో ఉన్న మనిషిని ఎందుకు లేపుతారన్నది వారి ప్రశ్న.

ఆ ప్రశ్న సహేతుకమైనదే. దానికి సమాధానం చెప్పాలంటే మూడు విషయాలు తెలియాలి. మత్తుమందు శరీరంలో ఏమి చేస్తుంది? మత్తు ఎంత లోతున ఉందో ఎలా తెలుస్తుంది? మందు ఆపినప్పుడు వైద్యులు దేనికోసం చూస్తారు? ఈ మూడింటినీ అదే వరుసలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. మత్తు అవసరం – మత్తు నిద్ర కాకపోవడం:

ఊపిరితిత్తులు విఫలమైన రోగికి నోటి ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలుపుతారు. ఆ గొట్టం స్వరతంత్రుల మధ్యగా పోతుంది కనుక రోగి మాట్లాడలేడు. గొట్టంలో చేరే కఫాన్ని మధ్యమధ్య మరో సన్నని గొట్టంతో లాగివేస్తారు. అప్పుడు ఉక్కిరిబిక్కిరి చేసే దగ్గు వస్తుంది. ఆ స్థితిలో రోగి చేతికందిన గొట్టాన్ని పీకివేయవచ్చు, యంత్రం ఇచ్చే శ్వాసకు ఎదురీదవచ్చు. మత్తు అవసరం ఇక్కడ పుట్టింది.

అయితే కలత చెందిన ప్రతి రోగికీ మత్తుమందే మందు కాదు. నొప్పివల్ల కదులుతున్న రోగికి మత్తు ఇస్తే కదలిక ఆగుతుంది గాని నొప్పి ఆగదు. ప్రొపొఫాల్‌కు చెప్పుకోదగిన నొప్పినివారణ గుణం లేదు. అందుకే ముందు ఫెంటనిల్ వంటి మందుతో నొప్పిని తగ్గించి, ఆ తరువాత కూడా అవసరముంటేనే మత్తుమందు మొదలుపెట్టడం నేడు ఆమోదం పొందిన క్రమం.

మత్తు సహజనిద్రకు సమానం కాదు. సహజనిద్రలో మెదడు ఒక దశ నుండి మరొక దశకు, కలలు వచ్చే దశతో సహా, చక్రంలా తిరుగుతుంది. లోతైన మత్తులో ఈ చక్రం నడవదు. మూడు రోజులు మత్తులో ఉన్న రోగి మూడు రోజులు నిద్రపోయినవాడు కాడు.

3. రెండు మందులు – రెండు మార్గాలు:

3.1 ప్రొపొఫాల్:

ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ సంస్థలో పశువైద్యుడైన జాన్ గ్లెన్ పరిశోధన ఫలితంగా ఈ మందు వెలువడింది. ఇది నీటిలో కరగదు. 1977లో మనుషులపై తొలి ప్రయోగాలు జరిగినప్పుడు దానిని కరిగించడానికి వాడిన ద్రావకం కొందరిలో తీవ్రమైన అలర్జీ కలిగించడంతో ఆ రూపాన్ని విడిచిపెట్టవలసివచ్చింది. తరువాత సోయానూనె, గుడ్డుసొనలోని లెసిథిన్, గ్లిసరాల్ కలిపి పాలవంటి తెల్లని ద్రవంగా తయారుచేశారు. 1986లో అది బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. ఈ కృషికి గ్లెన్‌కు 2018లో లాస్కర్ పురస్కారం లభించింది.

మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచే సహజ రసాయనం ఒకటుంది. దాని పేరు గాబా. ప్రొపొఫాల్ గాబా గ్రాహకాలకు అంటుకొని ఆ అణచివేతను అనేక రెట్లు పెంచుతుంది. అందువల్ల మోతాదు పెంచినకొద్దీ మత్తు తేలికదశ నుండి పూర్తి అచేతనం వరకు పోతుంది. శ్వాస మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. వెంటిలేటర్ ఉన్నచోటనే దీన్ని నిరంతరంగా ఎక్కించడం సురక్షితం కావడానికి కారణం ఇదే.

నూనెలో కలిపిన మందు కావడంవల్ల దీనికి మరికొన్ని లక్షణాలు వచ్చాయి. నూనె సూక్ష్మజీవులకు ఆహారం కనుక సీసాను, దాని గొట్టాన్ని 12 గంటలకొకసారి మార్చాలి. ప్రతి మిల్లీలీటరులో 1.1 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది కనుక దానిని రోగి ఆహారపు లెక్కలో చేర్చాలి. రక్తంలో కొవ్వు పెరుగుతున్నదేమో పరీక్షిస్తూ ఉండాలి.

3.2 డెక్స్‌మెడెటొమిడిన్:

ఈ మందు దారి వేరు. మెదడుకాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణసమూహం ఉంది. లాటిన్‌లో ఆ పేరుకు ‘నీలిచోటు’ అని అర్థం. మెలకువను నిలిపివుంచే నారడ్రినలిన్ అనే రసాయనం అక్కడినుండి మెదడంతటికీ వ్యాపిస్తుంది. డెక్స్‌మెడెటొమిడిన్ అక్కడి ఆల్ఫా-2 గ్రాహకాలపై పనిచేసి ఆ ప్రవాహాన్ని తగ్గిస్తుంది. సహజనిద్ర మొదలయ్యేటప్పుడు కూడా ఈ నీలిచోటే మౌనం వహిస్తుంది. అందుచేత ఈ మత్తు తేలికనిద్రను పోలివుంటుంది. రోగిని పిలిస్తే కళ్లు తెరిచి చూస్తాడు, చెప్పినట్టు చేస్తాడు, వదిలేస్తే మళ్లీ కళ్లు మూసుకుంటాడు.

ఇది శ్వాసను పెద్దగా అణచదు కనుక గొట్టం తీసేటప్పుడు, తీసిన తరువాత కూడా కొనసాగించవచ్చు. నొప్పిని కూడా కొంత తగ్గిస్తుంది. అమెరికాలో 1999లో దీనికి అనుమతి లభించింది. దీని పరిమితులు కూడా స్పష్టమే. గుండె వేగాన్ని, రక్తపోటును తగ్గిస్తుంది. లోతైన మత్తు అవసరమైన రోగికి ఇదొక్కటే చాలదు. 2019లో వెలువడిన స్పైస్-3 అనే అధ్యయనంలో సుమారు 4,000 మంది పాల్గొన్నారు. మొదటినుండి డెక్స్‌మెడెటొమిడిన్ ఇచ్చినవారిలో, మామూలు మత్తుమందులు ఇచ్చినవారిలో 90 రోజులలోపు మరణాలు సమానంగా, 29.1 శాతంగా ఉన్నాయి. పైగా డెక్స్‌మెడెటొమిడిన్ వర్గంలో ఎక్కువమందికి ప్రొపొఫాల్ కూడా తోడు కావలసివచ్చింది. కనుక ఒకదాని స్థానంలో మరొకదాన్ని పెట్టినంతమాత్రాన సమస్య తీరదు. ఎంత లోతున ఉంచుతున్నామన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

3.3 మందు పేరుకుపోవడం:

శరీరాన్ని గొట్టాలతో కలిపిన మూడు తొట్లుగా భావిస్తే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. మొదటిది రక్తం, మెదడు ఉన్న చిన్న తొట్టి. రెండవది కండరాల తొట్టి. మూడవది కొవ్వు అనే పెద్ద తొట్టి. దీనిలోకి మందు నెమ్మదిగా చేరుతుంది, నెమ్మదిగానే బయటికి వస్తుంది. ఒక్క మోతాదు ఇచ్చినప్పుడు మందు చిన్న తొట్టి నుండి మిగిలినవాటిలోకి జారిపోతుంది కనుక రోగి కొద్ది నిమిషాలలోనే మేల్కొంటాడు. రోజుల తరబడి ఎక్కిస్తే పెద్ద తొట్టి కూడా నిండుతుంది. అప్పుడు పంపు ఆపినా కొవ్వులోని మందు తిరిగి రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది. అంటే మేల్కొనే సమయం మందు స్వభావంపైనే కాక, దానిని ఎంతకాలం, ఎంత ఎక్కించారన్న దానిపై కూడా ఆధారపడుతుంది.

ప్రొపొఫాల్‌ను కాలేయం వేగంగా విరిచివేస్తుంది కనుక ఈ ఆలస్యం దానిలో తక్కువ. అయినా కొన్ని రోజులు లోతైన మత్తులో ఉంచితే మేల్కొనడానికి గంటలు పట్టవచ్చు. చాలాకాలంగా వాడుకలో ఉన్న మిడజొలామ్‌లో ఆలస్యం చాలా ఎక్కువ. అది కొవ్వులో చేరడమే కాకుండా, విరిగిన తరువాత ఏర్పడే పదార్థం కూడా మత్తు కలిగిస్తుంది. మూత్రపిండాలు పనిచేయని రోగిలో ఆ పదార్థం బయటికి పోదు. ప్రమాదమేమిటంటే, ఈ పేరుకుపోవడం పడక పక్కన నిలబడినవారికి కనబడదు. పంపుపై అంకె నిన్నటిదే, రోగి నిన్నటిలాగే నిశ్చలంగా ఉన్నాడు. కాని నిన్నటికంటే లోతుగా ఉన్నాడు.

4. మత్తు లోతును కొలవడం:

4.1 రాస్ కొలమానం:

2002లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరానికి చెందిన వైద్యులు ప్రచురించిన రిచ్‌మండ్ ఉద్రేక-మత్తు కొలమానాన్ని సంక్షిప్తంగా ‘రాస్’ అంటారు. దీనిలో సున్న అంటే మెలకువగా, ప్రశాంతంగా ఉండడం. +1 నుండి +4 వరకు పెరుగుతున్న ఉద్రేకం. −1 నుండి −5 వరకు లోతవుతున్న మత్తు.

కొలిచే పద్ధతిలో మూడు మెట్లు ఉన్నాయి. మొదట రోగిని తాకకుండా, పలకరించకుండా కొద్దిసేపు గమనించాలి. మెలకువగా లేకపోతే పేరు పెట్టి పిలిచి, కళ్లు తెరిచి తనవైపు చూడమనాలి. కళ్లు తెరిచి 10 సెకన్లకు పైగా చూపు నిలిపితే −1, అంతకన్న తక్కువసేపు నిలిపితే −2, కదిలినా లేదా కళ్లు తెరిచినా చూపు కలపకపోతే −3. పిలుపుకు ఏ స్పందనా లేకపోతేనే భుజం కుదపాలి, అవసరమైతే రొమ్ము ఎముకపై రుద్దాలి. అప్పుడు కదిలితే −4, అప్పటికీ కదలకపోతే −5. ఎక్కువమంది రోగులకు సున్న నుండి −2 మధ్య ఉండే తేలికమత్తు లక్ష్యం.

4.2 కొలమానంలో భాష:

ఈ మెట్లలో −1, −2, −3ల మధ్య భేదం చూపు నిలపడంలో ఉంది. ఆ చూపు రావాలంటే “ఇటు చూడండి” అన్న మాట రోగికి అర్థం కావాలి. తెలుగు ఒక్కటే తెలిసిన రోగిని తెలుగు రాని సిబ్బంది ఇంగ్లీషులోనో హిందీలోనో ఆదేశిస్తే, అతను గొంతు విని కళ్లు తెరుస్తాడు గాని ఎటు చూడాలో తెలియక శూన్యంలోకి చూస్తాడు. నిజానికి −1లో ఉన్న మనిషి −3గా నమోదవుతాడు. వినికిడి లోపమున్న వృద్ధుల విషయంలోనూ ఇంతే. రోగి పేరు, ఇంట్లో పిలిచే పిలుపు, అతనికి తెలిసిన భాష, వినికిడి స్థితి అనే నాలుగు వివరాలు పడక వద్ద రాసి ఉండడం ఈ కొలతకు ఉపకరణం వంటిది.

4.3 నుదుటిపై యంత్రం:

శస్త్రచికిత్సలో వాడే బిస్ అనే పరికరం నుదుటికి అంటించిన పట్టీ ద్వారా మెదడు విద్యుత్‌తరంగాలను గ్రహించి సున్న నుండి 100 వరకు ఒక అంకెను చూపుతుంది. 100కు దగ్గరైతే మెలకువ. 40 నుండి 60 వరకు శస్త్రచికిత్సకు తగిన మత్తు. రోగి స్పందన అవసరం లేకుండానే అంకె వస్తుంది కనుక ఇదే మేలైనదని అనిపించవచ్చు. కాని నుదుటి కండరాల విద్యుత్తు దీనిలో కలిస్తే అంకె అసత్యంగా పెరుగుతుంది. డెక్స్‌మెడెటొమిడిన్‌పై ఉన్న రోగిలో అంకె తక్కువగా ఉన్నా, పిలిస్తే అతను లేస్తాడు. కండరాలను పూర్తిగా స్తంభింపజేసే మందు ఇచ్చిన రోగి మాత్రం మెలకువగా ఉన్నా కదలలేడు, కళ్లు తెరవలేడు. అతనికి రాస్ పనిచేయదు. అక్కడే ఈ యంత్రానికి అసలైన ప్రయోజనం.

4.4 సంధి – ప్రేలాపన లేని సంధి:

తీవ్రమైన జ్వరంలో మతి తప్పి మాట్లాడడాన్ని తెలుగువారు సంధి అనీ, సంధి ప్రేలాపన అనీ అంటారు. ఐ.సి.యు. రోగులలో ఈ స్థితి తరచుగా వస్తుంది. అయితే మన పలుకుబడిలో ప్రేలాపన సంధికి గుర్తు. గొట్టం ఉన్న రోగికి ప్రేలాపన సాధ్యం కాదు. పైగా చాలామందిలో ఇది నిశ్శబ్దంగా, మందకొడిగా ఉంటుంది. అందుచేత దానిని ప్రత్యేకంగా వెతకాలి.

వెతికే పద్ధతులలో ఒకటి ఇంగ్లీషు అక్షరాలు పదింటిని ఒక్కొక్కటిగా చదువుతూ ‘ఏ’ వినబడినప్పుడల్లా చేయి నొక్కమనడం. ఇది రోగి అవధానాన్ని పరీక్షిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు తెలియని రోగి దీనిలో తప్పితే అది సంధి కాదు, ప్రశ్నలోని లోపం. తెలుగు అక్షరాలతో ఇలాంటి పరీక్ష రూపొందించేటప్పుడు ‘అ–ఆ’ వంటి హ్రస్వదీర్ఘాలను, ‘క–గ’ వంటి దగ్గరి ధ్వనులను పక్కపక్కన ఉంచకూడదు. యంత్రాల చప్పుడు మధ్య ఆ భేదం ఆరోగ్యవంతునికి కూడా వినబడకపోవచ్చు. భాషాశాస్త్రజ్ఞుల సహకారం అవసరమైన చోటు ఇది.

5. మేల్కొలుపు – షికాగో అధ్యయనం:

1990ల నాటికి మత్తుమందును నిరంతరంగా ఎక్కించడం సాధారణమైంది. లోతు పెరుగుతూ పోవడం, రోగి లేవకపోతే కారణం మత్తా లేక మెదడు దెబ్బతిన్నదా అన్నది తెలియకపోవడం కూడా అంతే సాధారణమయ్యాయి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్రెస్, ఆయన సహచరులు ఈ సమస్యకు సరళమైన పరిష్కారాన్ని పరీక్షించి 2000లో ప్రచురించారు. వెంటిలేటర్‌పై ఉన్న 128 మంది రోగులలో ఒక వర్గానికి రోజుకొకసారి మందును పూర్తిగా ఆపి, మేల్కొనేదాకా లేదా కలత చెందేదాకా వేచిచూశారు. మళ్లీ మత్తు అవసరమైతే మునుపటి వేగంలో సగంతో మొదలుపెట్టారు. రెండవ వర్గంలో వైద్యులు తమ విచక్షణ ప్రకారం నడుచుకున్నారు.

మేల్కొలిపిన వర్గం వెంటిలేటర్‌పై గడిపిన కాలం మధ్యస్థంగా 4.9 రోజులు, రెండవ వర్గానిది 7.3 రోజులు. ఐ.సి.యు.లో గడిపిన కాలం 6.4 రోజులు, 9.9 రోజులు. చైతన్యం ఎందుకు లేదో తెలుసుకోవడానికి స్కానింగు వంటి పరీక్షలు మొదటి వర్గంలో 9 శాతం మందికి, రెండవ వర్గంలో 27 శాతం మందికి అవసరమయ్యాయి. ఈ చివరి అంకె మేల్కొలుపు స్వభావాన్ని తెలియజేస్తుంది. రోగి కళ్లు తెరిచి చేయి నొక్కితే, ఆ చర్యే మెదడు గురించి చాలా చెబుతుంది. అంత సమాచారం ఇచ్చిన తరువాత స్కానింగు అవసరం అరుదు.

2008లో ప్రచురితమైన మరొక అధ్యయనం 336 మంది రోగులలో ఈ మేల్కొలుపుకు శ్వాసపరీక్షను జతచేసింది. అంటే రోగి మేల్కొన్న వెంటనే యంత్రం సాయాన్ని తగ్గించి, సొంతంగా ఊపిరి తీసుకోగలడేమో చూడడం. ఈ రెండూ కలిసినప్పుడు రోగులు యంత్రం లేకుండా ఎక్కువ రోజులు గడిపారు. ఏడాది తరువాత బతికివున్నవారి సంఖ్య కూడా ఎక్కువగా ఉంది. అదే వర్గంలో తమ గొట్టాన్ని తామే పీకివేసుకున్నవారు కూడా ఎక్కువే. అయితే తిరిగి గొట్టం వేయవలసివచ్చినవారి సంఖ్యలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా లేదు.

6. ఒక ఊహాత్మక రోగి – మూడు ఉదయాలు:

ఈ విధానాన్ని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా సోకిన 58 ఏళ్ల రైతు హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్‌పై ఉన్నాడనుకుందాం. బరువు 60 కిలోలు. తెలుగు తప్ప మరో భాష రాదు. నొప్పికి ఫెంటనిల్, మత్తుకు ప్రొపొఫాల్ నడుస్తున్నాయి. లక్ష్యం −1. రెండవరోజు రాత్రి అతను గొట్టం వైపు చేయి చాపడంతో ప్రొపొఫాల్‌ను కిలోకు గంటకు 2 మిల్లీగ్రాములకు పెంచారు. అంటే గంటకు 120 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది కనుక పంపుపై అంకె గంటకు 12 మిల్లీలీటర్లు. ఇదే వేగం 24 గంటలు కొనసాగితే 288 మిల్లీలీటర్ల ద్రవం, దానితో దాదాపు 29 గ్రాముల నూనె, 317 కిలోక్యాలరీలు శరీరంలోకి చేరతాయి.

మూడవరోజు ఉదయం 8 గంటలు. పిలుపుకు స్పందన లేదు, భుజం కుదిపితే చేయి కదిలింది. రాస్ −4. రాత్రి అవసరానికి పెంచిన మందును అవసరం తీరాక ఎవరూ తగ్గించలేదు. మందు ఆపే ముందు నర్సు ఒక జాబితా సరిచూస్తుంది. మూర్ఛలు ఉన్నాయా? మద్యం మానడంవల్ల వచ్చే వణుకు, కలత ఉన్నాయా? కండరాలను స్తంభింపజేసే మందు నడుస్తున్నదా? గత 24 గంటలలో గుండెకు రక్తం తగ్గిన సూచనలున్నాయా? తలలోపలి ఒత్తిడి పెరిగిందా? అన్నిటికీ లేదన్న సమాధానమే వచ్చింది. ప్రొపొఫాల్ పంపు ఆపారు. నొప్పికి అవసరమైన ఫెంటనిల్ మాత్రం కొనసాగింది.

అరగంటకు కనురెప్పలు కదిలాయి. నర్సు ఇంగ్లీషులో పిలిచినప్పుడు కళ్లు తెరిచాడు గాని చూపు కలపలేదు. తెలుగు తెలిసిన వైద్యురాలు వంగి “పెద్దాయనా, ఇటు చూడండి. మీరు ఆసుపత్రిలో ఉన్నారు. నోట్లో గొట్టం ఉంది, అందుకే మాట రాదు” అంది. అతను ఆమె ముఖంపై చూపు నిలిపాడు. అప్పుడు నాలుగు పనులు పరీక్షించారు: పిలిస్తే కళ్లు తెరవడం, కదిలే మనిషిని చూపుతో అనుసరించడం, చేయి నొక్కడం, నాలుక చాపడం. షికాగో అధ్యయనంలో వీటిలో మూడు చేయగలిగితే మెలకువ వచ్చినట్టు లెక్క. అతను నాలుగూ చేశాడు, రెండు చేతులతోనూ సమానంగా నొక్కాడు. మెదడు క్షేమమని తెలిసింది. కాని కాసేపటికి శ్వాసవేగం నిమిషానికి 38కి పెరిగి అయిదు నిమిషాలు దాటినా తగ్గలేదు. 35 దాటి అయిదు నిమిషాలు ఉంటే పరీక్ష ఆపాలన్నది నియమం. మందు మళ్లీ మొదలైంది, ఈసారి సగం వేగంతో, గంటకు 6 మిల్లీలీటర్లు.

ఆ సగమే ఆ రోజంతటికీ సరిపోయింది. మేల్కొలుపు విఫలమైనా, అంతకుముందు ఇస్తున్న మోతాదు అవసరానికి రెట్టింపని తేలింది. నాలుగవరోజు మందు ఆపిన పావుగంటలోనే మేల్కొన్నాడు, శ్వాస నిలకడగా ఉంది. అయితే కలతగా ఉన్నాడు, అవధాన పరీక్షలో తప్పులు చేశాడు. సంధి ఉన్నట్టు గుర్తించి ప్రొపొఫాల్ స్థానంలో డెక్స్‌మెడెటొమిడిన్ మొదలుపెట్టారు. 200 మైక్రోగ్రాముల మందును 50 మిల్లీలీటర్లకు కలిపితే మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములు. కిలోకు గంటకు 0.5 మైక్రోగ్రాముల చొప్పున గంటకు 30 మైక్రోగ్రాములు, పంపుపై 7.5 మిల్లీలీటర్లు. సాయంత్రానికి గుండె వేగం 52కి దిగడంతో పంపును 5 మిల్లీలీటర్లకు తగ్గించారు. కూతురు పక్కన కూర్చుని “నాయనా” అని పిలిచి, ఏ రోజో, ఎంత పొద్దయిందో చెబుతూ ఉంది. అయిదవరోజు ఉదయం యంత్రం సాయం తగ్గించి అరగంట చూశారు. శ్వాస నిలకడగా ఉంది. గొట్టం తీశారు.

7. మేల్కొనకపోతే – మందే వికటిస్తే:

మందు ఆపినా రోగి లేవకపోవడం కూడా ఒక సమాచారమే. అప్పుడు ఆలోచన ఒక వరుసలో సాగుతుంది. ఏ మందు, ఎన్ని రోజులు, ఎంత ఇచ్చారు? కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి? మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి మిడజొలామ్ రోజుల తరబడి ఇచ్చివుంటే ఒకటి రెండు రోజులు వేచిచూడవలసిరావచ్చు. అయితే ఆ వివరణతో తృప్తిపడేముందు రక్తంలో చక్కెర, సోడియం చూడాలి. ఒకవైపు చేయి, కాలు మాత్రమే కదలకపోయినా, కంటిపాపల పరిమాణంలో తేడా ఉన్నా మత్తును కారణంగా చెప్పకూడదు. మత్తు ఒకవైపే ఉండదు. వెంటనే తలకు స్కానింగు చేయించాలి. కంటికి కనబడని మూర్ఛలు సాగుతున్నాయేమో విద్యుత్‌తరంగాల పరీక్షతో తెలుసుకోవాలి.

ప్రొపొఫాల్‌కు ప్రత్యేకమైన మరొక ప్రమాదం ఉంది. కిలోకు గంటకు 4 మిల్లీగ్రాములకు మించి 48 గంటలకు పైగా ఎక్కిస్తే, కొందరిలో కణాలు శక్తిని తయారుచేసుకునే ప్రక్రియ దెబ్బతింటుంది. పై ఉదాహరణలోని రోగికి ఆ హద్దు గంటకు 24 మిల్లీలీటర్లు. రక్తం ఆమ్లంగా మారడం, కండరాలు కరిగి మూత్రం ముదురురంగుకు తిరగడం, పొటాషియం, కొవ్వులు పెరగడం, గుండె వేగం పడిపోవడం దీని లక్షణాలు. ఇది అరుదు గాని ప్రాణాంతకం. 1992లో బ్రిటన్ వైద్యులు అయిదుగురు పిల్లల మరణాలను నివేదించడంతో ఈ ప్రమాదం వెలుగులోకి వచ్చింది. కారణం తెలియని ఆమ్లత్వం కనబడితే మందును వెంటనే ఆపివేయాలి. రోజువారీ మేల్కొలుపు మోతాదును తగ్గిస్తూపోతుంది కనుక ఈ హద్దు దాటే అవకాశాన్ని కూడా తగ్గిస్తుంది.

8. పరిమితులు:

మేల్కొలుపును ఒక తంతుగా మార్చుకోకూడదని తరువాతి పరిశోధనలు హెచ్చరించాయి. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 423 మంది రోగులందరికీ నర్సులు నిర్ణీత పద్ధతిలో మత్తును తేలికగా ఉంచారు. వారిలో సగంమందికి అదనంగా రోజువారీ మేల్కొలుపు కూడా జరిపారు. గొట్టం తీయడానికి పట్టిన కాలం మధ్యస్థంగా రెండు వర్గాలలోనూ 7 రోజులే. పైగా మేల్కొలుపు వర్గంలో నర్సుల పనిభారం పెరిగింది. రోజంతా పిలిస్తే పలికే స్థితిలో ఉన్న రోగికి ప్రత్యేక మేల్కొలుపు కొత్తగా ఇచ్చేది తక్కువ. లోతులోకి జారిపోయిన రోగిని గుర్తించి పైకి తీసుకురావడంలోనే దాని విలువ ఉంది.

దానికి అవతలి కొసన, అసలు మత్తే ఇవ్వకుండా చూసిన అధ్యయనం 2020లో వెలువడింది. స్కాండినేవియా దేశాలలో 700 మంది రోగులపై జరిగిన ఆ పరిశోధనలో, మత్తు లేని వర్గానికీ, తేలికమత్తుతో రోజూ మేల్కొలిపిన వర్గానికీ మధ్య 90 రోజుల మరణాలలో గణనీయమైన తేడా కనబడలేదు. మత్తు లేకుండా ఉంచాలంటే పడక పక్కన మనిషి ఉండాలి. ఒక నర్సు అనేకమంది రోగులను చూడవలసిన చోట మత్తు లోతుగా ఉండడానికి రోగి అవసరం కంటే సిబ్బంది కొరత కారణం కావచ్చు. ఇక ఆగని మూర్ఛలు, పెరిగిన తలలోపలి ఒత్తిడి, కండరాలను స్తంభింపజేసి బోర్లా పడుకోబెట్టవలసినంత తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి ఉన్న రోగులకు లోతైన మత్తే చికిత్స. వారిని మేల్కొలపడం హాని.

9. ముగింపు:

1. ప్రొపొఫాల్ మెదడును విస్తృతంగా అణచివేస్తుంది. డెక్స్‌మెడెటొమిడిన్ మెలకువను నిలిపే ఒక కేంద్రాన్ని శాంతపరుస్తుంది. మొదటిదానితో ఎంత లోతుకైనా పోవచ్చు, రెండవదానితో రోగి పిలుపుకు అందుబాటులో ఉంటాడు.

2. పంపుపై అంకె ఇస్తున్న మందును చూపుతుంది, పేరుకున్న మందును చూపదు. ఆ తేడా రోగి స్పందనలో మాత్రమే తెలుస్తుంది.

3. రాస్ వంటి కొలమానాలు మాటపై ఆధారపడినవి. రోగికి తెలియని భాషలో అడిగిన ప్రశ్న తప్పుడు కొలతను, దానితో తప్పుడు చికిత్సా నిర్ణయాన్ని ఇస్తుంది.

4. మేల్కొలుపు మూడు ప్రశ్నలకు ఒకేసారి సమాధానమిస్తుంది. మెదడు పనిచేస్తున్నదా? ఇంత మందు అవసరమా? యంత్రం ఇంకా అవసరమా?

5. ఐ.సి.యు. తలుపు దగ్గర “ఎందుకు లేపుతున్నారు?” అని అడిగిన కుటుంబానికి “మీవాడు మా మాట వింటున్నాడో లేదో తెలుసుకోవడానికి” అన్నది సరైన జవాబు. ఆ మాట అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలి కనుక, కుటుంబసభ్యులలో ఒకరు ఆ సమయానికి పడక పక్కన ఉండడం చికిత్సకు సాయమవుతుంది.